నీళ్ళు కిందికి, ప్లేటు పైకి: వంపు ప్లేటు మీద జెట్ బలం లెక్క కట్టిన నా అనుభవం

గుణుపురం అవతల కొండ కింద మా మావయ్యకి కొంత పొలం ఉంది. కొండవాగు నీటిని పైపులో దించి, కొసన నాజిల్ బిగించి, చిన్న చక్రం తిప్పి డైనమో నడుపుతారు. చక్రం రిపేరుకి విప్పినప్పుడు ఆ జెట్ తిన్నగా ఎదుటి మట్టిగట్టుని కొట్టి కోసేస్తోంది. వాల్వు మూసేస్తే కింది మడికి నీళ్ళుండవు. అందుకని చక్రం లేనప్పుడు జెట్‌కి అడ్డంగా ఒక వంచిన ఇనప ప్లేటు పెట్టి, నీటిని వెనక్కీ కిందికీ తిప్పి నాజిల్ కిందున్న సిమెంటు తొట్టిలోనే పడేద్దామనుకున్నాం. ప్లేటు వంచడం వెల్డింగ్ మేస్త్రీ పని. దాన్ని ఎంత గట్టిగా బిగించాలో తేల్చడం నా మీద పడింది.

మేస్త్రీ లెక్క సూటిగా ఉంది. "నీళ్ళు కిందికే కదా బాబూ పోతున్నాయి, ప్లేటుని కిందికే నొక్కుతాయి. పక్కకి జారకుండా రెండు మేకులు కొడితే చాలు" అన్నాడు. మా బావమరిది పాలిటెక్నిక్ రెండో ఏడు. వాడు పుస్తకం తీసి, సూత్రంలో అంకెలు వేసి, అడ్డంగా తోసే బలం 141 న్యూటన్లు అన్నాడు. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే కొలతల నుంచి మొదలెట్టాలి.

నాజిల్ నోరు 50 మిల్లీమీటర్లు, దాని వెనక పైపు లోపలి కొలత 100. నాజిల్ లోపల నున్నగా సన్నబడుతూ వచ్చింది కాబట్టి బయటికొచ్చిన ధార కూడా 50 మిల్లీమీటర్లే ఉంది. అంచు పదునుగా కోసిన రంధ్రమైతే ధార బయట ఇంకా సన్నబడుతుంది, అప్పుడు రంధ్రాన్ని కాదు, ధారని కొలవాలి. నాజిల్‌కి ముందు పైపు మీదున్న గేజ్ సుమారు 67.5 కిలోపాస్కల్ చూపింది. వ్యాసాలు రెండింతలు కాబట్టి వైశాల్యాలు నాలుగింతలు, పైపులో వేగం జెట్ వేగంలో నాలుగో వంతు. పీడనాన్నీ వేగాన్నీ ముడిపెట్టే బెర్నూలీ సమీకరణం రాస్తే జెట్ వేగం సెకనుకి 12 మీటర్లు, పైపులో 3 మీటర్లు వచ్చింది. అంటే సెకనుకి 23.56 కిలోల నీరు.

ఇక కంట్రోల్ వాల్యూమ్, అంటే లెక్క కోసం చుట్టూ గీత గీసి విడదీసుకునే భాగం. ఎవరైనా లెక్కలో తడబడేది సూత్రం దగ్గర కాదు, గీత ఎక్కడ గీశామో కాగితం మీద చూపించకపోవడం దగ్గర. నేను ప్లేటునీ, దాని మీద పారే నీటినీ కలిపి చుట్టూ చుక్కల గీత గీశాను. ఆ గీత జెట్‌ని మూడు చోట్ల కాదు, రెండే చోట్ల కోస్తుంది: ప్లేటుని తాకేముందు గాలిలో ఒకసారి, ప్లేటు వదిలాక గాలిలో ఒకసారి. రెండు కోతలూ ధారకి లంబంగా ఉండాలి. రెండు చోట్లా నీటి చుట్టూ ఉన్నది గాలే, కాబట్టి గేజ్ పీడనం, అంటే గాలి పీడనం కన్నా ఎంత ఎక్కువో అది, సున్నా, పీడన బలాల గొడవ లేదు. పీడనం మారనప్పుడు, రాపిడిని పక్కన పెడితే, వేగం పరిమాణమూ మారదు: వచ్చేది 12, పోయేది 12. మారేది దిక్కు ఒక్కటే. ఇవి కాక గీత కోసేది ఇంకొక్కటే, కింది బోల్టులు. మనకి కావలసిన బలం సరిగ్గా అక్కడే బయటపడుతుంది.

గుర్తులకి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. జెట్ వచ్చే దిక్కు x, ప్లస్. పైకి y, ప్లస్. బాణాలు గీసేశాక ఇక ఊహ వద్దు, ప్రతి వేగానికీ దాని గుర్తు దానికే ఇవ్వాలి. సూత్రంలో ముందుగానే మైనస్ ఉందా ప్లస్ ఉందా అని చూడను. ṁ అంటే సెకనుకి పారే నీటి కిలోలు. రాసేది ఇంతే:

నీటి మీద బలం = ṁ (బయటికి పోయే వేగం − లోపలికి వచ్చే వేగం)

మా ప్లేటు జెట్‌ని 120 డిగ్రీలు తిప్పుతుంది. అంటే బయటికి పోయే నీరు వెనక్కీ కిందికీ పోతుంది: x లో 12 cos 120° = −6, y లో −10.39. వచ్చే నీటికి x లో +12, y లో సున్నా.

నీటి మీద x బలం = 23.56 × (−6 − 12) = −424 న్యూటన్లు
నీటి మీద y బలం = 23.56 × (−10.39 − 0) = −245 న్యూటన్లు

ఇది ప్లేటు నీటికి ఇచ్చిన బలం. నీరు ప్లేటుకి ఇచ్చేది దీనికి సరిగ్గా ఎదురు: ముందుకి 424, పైకి 245. రెండూ కలిపితే 490 న్యూటన్లు, అడ్డానికి 30 డిగ్రీలు పైకి. ప్లేటు మీదుండే నీటి బరువు ఎనిమిది న్యూటన్లకి మించదు, వదిలేశాను.

పైకి అనగానే మేస్త్రీ నవ్వాడు. కాగితం చూపించను గానీ ఇలా చూడు మేస్త్రీ అన్నాను: అడ్డంగా వస్తున్న నీటిని కిందికి దించింది ఎవరు? ప్లేటే. ప్లేటు నీటిని కిందికి తోసిందంటే నీరు ప్లేటుని పైకి తోసినట్టే. ప్లేటు జెట్‌కి పైన గొడుగులా వంగి ఉంది, నీరు దాని లోపలి వైపు రాసుకుంటూ పోతోంది, నీరు తోసేది ఎప్పుడూ వంపు వీపు వైపుకే. మన ప్లేటు వీపు ముందుకీ పైకీ ఉంది. గుర్తులు ఎలా వేసినా చివర జవాబు వంపు లోపలి వైపుకి చూపిస్తే ఎక్కడో మైనస్ తారుమారైనట్టే. మేస్త్రీ కాసేపు ప్లేటు చుట్టూ తిరిగి, "అయితే ఎగురుద్దన్నమాట" అన్నాడు.

బావమరిది 141 సంగతి వేరు. వాడి పుస్తకంలో సూత్రం ṁV(1 − cos θ). V అంటే జెట్ వేగం, θ అంటే జెట్ తిరిగిన కోణం. ఇంకో పుస్తకంలో అదే బలం ṁV(1 + cos θ), అక్కడ θ అంటే బయటికి పోయే ధార వచ్చిన దారితో వెనక్కి చేసే కోణం. రెండూ సరైనవే. వాడు ప్లేటు బొమ్మలో మేస్త్రీ రాసిన 60 డిగ్రీలు చూసి మొదటి సూత్రంలో వేశాడు. 60 అన్నది రెండో రకం కోణం. "బావా, మరి తప్పు పట్టేదెలా, అంకె బాగానే కనబడుతోంది కదా" అన్నాడు. దానికి మూడు గుర్తురాళ్ళున్నాయి. జెట్ అసలు తిరగకపోతే బలం సున్నా. నిలువు గోడని కొట్టి 90 డిగ్రీలు తిరిగితే ṁV, ఇక్కడ 283. పూర్తిగా వెనక్కి తిరిగితే దానికి రెట్టింపు, 565. మనది 90కీ 180కీ మధ్య కాబట్టి జవాబు 283కీ 565కీ మధ్యే ఉండాలి. 424 ఉంది. 141 చదును పలకకి తగిలే బలంలో సగం. వెనక్కి తిప్పిన నీరు తిన్నగా కొట్టిన నీటికన్నా తక్కువ తోయడం కుదరదు.

రాపిడి సంగతి కూడా చూశాను. నీరు ప్లేటు వదిలేటప్పటికి వేగం పది శాతం తగ్గి 10.8 అయిందనుకుంటే ముందుకి 410, పైకి 220 వస్తాయి. రెండూ తగ్గాయి కాబట్టి రాపిడి లేదనుకుని కట్టిన లెక్క బోల్టులకి భద్రం వైపే.

ప్లేటు, దాని కాలు, కింది బేసు కలిపి 14 కిలోలు, అంటే 137 న్యూటన్లు. పైకి లేపే 245లోంచి తీసేస్తే ఇంకా 108 పైకే మిగిలింది. కానీ బోల్టుకి అసలు పరీక్ష ఇది కాదు. జెట్ బేసుకి అర మీటరు పైన తగులుతోంది. 424 న్యూటన్లు అర మీటరు ఎత్తున తోస్తే 212 న్యూటన్-మీటర్ల మెలి, ప్లేటుని ముందుకి బోర్లా పడేసేది. వచ్చే ధార, పోయే ధార గీతలు కలిసే చోటు బేసు నడిమధ్యకి పైనే పడేలా చూసుకున్నాం కాబట్టి పైకి లేపే బలం అదనంగా మెలిపెట్టదు. బోల్టు వరసల మధ్య 0.3 మీటర్లు. నాజిల్ వైపు వరసకి మెలి వల్ల 707, పైకి లాగే దాంట్లో సగం 54, మొత్తం 760 న్యూటన్ల చిల్లర లాగుడు. 12 మిల్లీమీటర్ల బోల్టుకి అదో లెక్క కాదు. కాంక్రీటులోంచి ఊడి రాకుండా కింద కొస వంచి పాతడమే ముఖ్యం.

మేస్త్రీ ఓ మధ్యాహ్నం బోల్టులు లేకుండానే ప్లేటు ముందు మేకు ఆనించి వాల్వు కాస్త తిప్పి చూశాడు. నాజిల్ వైపు అంచు లేచింది. "చూడు బాబూ, పైకే" అని సంబరపడ్డాడు. నిజానికి అది బోర్లాపడే మెలి వల్ల కూడా లేస్తుంది, పైకి తోసే బలానికి అదొక్కటే సాక్ష్యం కాదు. అతని ముందు ఆ మాట అనలేదు, బోల్టులకి ఒప్పుకున్నాడు, అది చాలు.

బావమరిది ఊరుకోలేదు. "పైపుని కూడా గీత లోపలికి తీసుకుంటే?" అన్నాడు. మంచి ప్రశ్నే, వేసి చూశాం. గీతని నాజిల్ వెనకకి జరిపి 100 మిల్లీమీటర్ల పైపు దగ్గర కోస్తే అక్కడ పీడనం సున్నా కాదు. 67.5 కిలోపాస్కల్‌ని పైపు వైశాల్యంతో గుణిస్తే 530 న్యూటన్లు, గీతలోపలికి, అంటే ముందుకి. వచ్చే నీటి వేగం ఇప్పుడు 12 కాదు, 3. పట్టి ఉంచే బలాన్ని R అంటే:

R + 530 = 23.56 × (−6 − 3) = −212
R = −742 న్యూటన్లు

వాడు కంగారు పడ్డాడు, ఇందాక 424 కదా అని. ఈ 742 ప్లేటు బోల్టులది ఒక్కటే కాదు, ఈ గీత నాజిల్ జాయింటుని కూడా కోసింది కాబట్టి రెండూ కలిపి పట్టే బలం. నాజిల్ ఒక్కదాని చుట్టూ విడిగా గీత గీస్తే R + 530 = 23.56 × (12 − 3) = 212, అంటే R = −318. 424, 318 కలిపితే 742. గేజ్ పీడనం మరిచిపోయి ఆ పెద్ద గీతతో లెక్క కడితే 212 వచ్చి, ప్లేటుకి అంతే అనుకునే ప్రమాదం ఉంది.

అయితే ఆ లెక్క ఊరికే పోలేదు. నాజిల్‌ని నీరు ముందుకి 318 న్యూటన్లతో తోస్తోంది, అంటే 32 కిలోల లాగుడు, అదీ రాత్రింబవళ్ళు. ఆ జాయింటు జిగురు పెట్టి తొడిగిన పీవీసీ. నీరు బయటికి చిమ్ముతోంది కాబట్టి నాజిల్ వెనక్కి తన్నుతుందనుకుని మావయ్య దాని వెనక రాయి ఆనించి ఉంచాడు. రాయి తీసేయించి, నాజిల్ మెడకి ఇనప క్లాంపు వేయించి, రెండు వైపులా రాడ్లతో వెనక దిమ్మకి లాగి కట్టించాను.