ఏమంటున్నాయని అడిగిన రాత్రి

నాకు స్కిజోఫ్రీనియా ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని నలుగురి ముందు పెట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. పల్నాడులో మిర్చి, పత్తి పండించే ఇంట్లో పుట్టి, నరసరావుపేటలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతున్న నాకు ఇరవై ఆరో ఏట ఆ గొంతులు మొదలయ్యాయి. ఇద్దరు మగవాళ్లు నా గురించి తమలో తాము మాట్లాడుకుంటున్నట్లు వినబడేది. "ఇప్పుడు చాక్‌పీసు తీసుకుంది, ఇప్పుడు తప్పు రాస్తుంది" అని నేను చేసే ప్రతి పనినీ చెప్పుకునేవారు. అది ఊహ అనుకోవడానికి వీల్లేనిది. పక్కగదిలో మనుషుల మాట చెవిన ఎలా పడుతుందో అచ్చం అలాగే పడేది, నేను పాఠం మధ్యలో ఆపి కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

తాయెత్తులు, రక్తపరీక్షలు, తలకు స్కాను అన్నీ అయిపోయాక ఒక మానసిక వైద్యుడి దగ్గరికి చేరాం. ఆయన రిస్పెరిడోన్ మాత్రను రాత్రికి 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 4 వరకు పెంచారు. ఐదారు వారాల్లో గొంతులు గోడ అవతలికి వెళ్లిపోయినట్లయింది. అందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ ఆయన గదిలో మాకు దొరికింది ప్రతిసారీ నాలుగైదు నిమిషాలే. నిద్ర పడుతోందా, గొంతులు తగ్గాయా అని అడిగి, "అవే వాడండి" అని చీటీ చేతికిచ్చేవారు. ఆ గొంతులు ఏమంటున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. మాత్ర వల్ల నా ఒంట్లో ఏమవుతోందని కూడా అడగలేదు.

అప్పటికే నాకు నెలసరి ఆగిపోయింది. పెళ్లికాని పిల్లనైన నా రొమ్ముల నుంచి పాలు కారేవి. రిస్పెరిడోన్ మెదడులో డోపమైన్‌ను అడ్డుకుంటుందనీ, అందువల్ల ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి ఇలా జరగవచ్చనీ నాకు ఎవరూ చెప్పలేదు. పక్కన అన్నయ్య కూర్చుని ఉండగా మగ వైద్యుడితో ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అమ్మ నా పొట్ట వైపు ఒకసారి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పరిస్థితిలో ఉండగా మా పిన్ని వచ్చింది. "ఇంత చక్కగా ఉన్నావు కదే, ఇంకా ఆ పిచ్చి మాత్రలెందుకు? పెళ్లివారికి తెలిస్తే?" అంది. ఆమె నా మేలు కోరే అన్నది. కానీ నాకు ఆ మాట అనుమతిపత్రంలా కనిపించింది, ఆ రాత్రి నుంచే మాత్రలు మానేశాను.

మానేసిన మర్నాడే జబ్బు తిరిగి వస్తే ఎవరూ మోసపోరు. నాకు మొదటి మూడు వారాలు ఎంతో బాగుంది. చేతి వణుకు పోయింది, పగటి మత్తు పోయింది, తర్వాత నెలసరి కూడా వచ్చింది. మాత్రలే నా జబ్బు అని నమ్మాను. ఆరో వారంలో నిద్ర నాలుగు గంటలకు తగ్గింది. టీవీలో వార్తలు చదివే ఆమె నన్నే ఉద్దేశించి మాట్లాడుతోందని తోచి టీవీ కట్టేయడం మొదలుపెట్టాను. కిటికీ రెక్కల సందుల్లో గుడ్డలు కుక్కాను. ఇవన్నీ ఇంట్లో అందరూ చూశారు, మిర్చి కోతల హడావిడిలో ఎవరూ దేన్నీ దేనితోనూ కలిపి చూసుకోలేదు.

2023 వేసవిలో ఆ రాత్రి గొంతులు నా గురించి మాట్లాడుకోవడం మాని నాతో మాట్లాడాయి. లేచి కొట్టం పక్కనున్న గదికి వెళ్లమన్నాయి. పురుగుమందు డబ్బాలు పెట్టే గది అది. వెళ్లకపోతే తెల్లారేసరికి మీ అన్న ఉండడు అన్నాయి. నాకు చావాలని లేదు. ఈ మాట ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను గనుక ఇప్పుడు చెబుతున్నాను, నేను అన్నయ్యను బతికించుకోవడానికే ఆ తలుపు దాకా నడిచాను. గడియ చప్పుడుకు అమ్మ లేచింది. నాన్న వచ్చి "ఏ గొంతులూ లేవు, నాటకాలు ఆపు" అని అరిచారు. ఆయన అరుపుతో లోపలి గొంతులు ఇంకా పెద్దవయ్యాయి. అప్పుడు అన్నయ్య నా పక్కనే నేల మీద కూర్చుని, "ఏమంటున్నాయమ్మా?" అని అడిగాడు.

ఏడాదిన్నరలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. చెప్పాను. విని అతను వాదించలేదు. "నేను ఇక్కడే ఉన్నాను, తెల్లారేదాకా నీ పక్క నుంచి కదలను" అన్నాడు. 14416 అనే టెలి మానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్లు నన్ను ఒంటరిగా వదలకుండా, తెల్లవారుజామున కారు మాట్లాడి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడి సిస్టర్ గారు అన్నయ్య అనుకోకుండా అడిగిన ప్రశ్ననే పద్ధతిగా అడిగారు. ఎన్ని గొంతులు, తెలిసినవాళ్లవా, ఊరికే మాట్లాడుతున్నాయా, ఆజ్ఞలు ఇస్తున్నాయా, ఏం చేయమంటున్నాయి, చేయకపోతే ఏమవుతుందని చెబుతున్నాయి, ఇంతకుముందు ఎప్పుడైనా చెప్పినట్లు చేశావా, ఇప్పుడు ఆపుకోగలనని అనిపిస్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని అమ్మ భయపడింది. అడగడం వల్ల ఆలోచన పుట్టదనీ, అడగకపోతే ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో తెలియదనీ ఆవిడ చెప్పారు. గొంతులు ఉన్నంత మాత్రాన ప్రమాదం ఉన్నట్లు కాదు. అవి ఆజ్ఞాపించడం, ఆ ఆజ్ఞను రోగి నమ్మడం, ఆపుకునే శక్తి తగ్గడం మూడూ ఒకచోట చేరినప్పుడు అసలు భయం. ఆ రాత్రి నాకు మూడూ ఉన్నాయి.

పద్దెనిమిది రోజులు వార్డులో ఉన్నాను. ఆ రోజుల గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఇంటికి పంపే ముందు సిస్టర్ గారూ సోషల్ వర్కరు గారూ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక ప్రణాళిక రాయించారు. అమ్మ చేతిరాతతో ఉన్న ఆ కాగితం ఇప్పటికీ బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంది.

రక్షణకు సంబంధించిన భాగం గొంతుల మాటను బట్టి సాగుతుంది. అవి గొణుగుతుంటే నేను పైకి చదువుతాను, లేదా కూనిరాగం తీస్తాను. నోరు కదులుతుంటే నాకు అవి సన్నబడతాయి. అవి నన్ను ఏదైనా చేయమంటే ఆ మాటను దాచకుండా అన్నయ్యకో అమ్మకో చెప్పాలి, ఆ పూట నేను ఒంటరిగా ఉండకూడదు. ఆపుకోలేనేమో అనిపిస్తే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పురుగుమందు డబ్బాలు ఆ వారమే పెదనాన్నగారి గోదాముకు వెళ్లిపోయాయి, తాళంచెవి మా ఇంట్లో ఉండదు. "ఇప్పుడు బాగుంది కదా, తెచ్చుకుందాం" అని నాన్న రెండుసార్లు అన్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు.

మందుల విషయంలో సిస్టర్ గారు ముందుగా "ఎందుకు మానేశావు?" అని అడిగారు, తిట్టడానికి కాదు. ఆడమనిషి గనుక నెలసరి సంగతి చెప్పగలిగాను. వైద్యులు రిస్పెరిడోన్‌కు బదులు అరిపిప్రజోల్ అనే మందు మొదలుపెట్టి, కొన్ని వారాల్లో 15 మిల్లీగ్రాముల దగ్గర నిలిపారు. ఇది ప్రొలాక్టిన్‌ను సాధారణంగా పెంచదు. దీనికీ ఒక బాధ ఉంది, మొదట్లో కాళ్లు కుదురుగా నిలవనివ్వని అశాంతి వచ్చింది. అది జబ్బు ముదరడం కాదని ముందే చెప్పి ఉంచారు గనుక, ఈసారి మాత్ర మానకుండా ఫోన్ చేశాను, దానికి వేరే మందు ఇచ్చారు.

ఇంటికి వచ్చిన కొత్తలో అమ్మ నా చేత నోరు తెరిపించి నాలుక కింద చూసేది. ఆ అవమానం భరించలేక మళ్లీ మానేద్దామనిపించింది. ఆ మాట సోషల్ వర్కరు గారికి చెబితే ఏడు గదులున్న మాత్రల పెట్టె కొనుక్కోమన్నారు. ఆదివారం నేనే నింపుతాను, ఉదయం టిఫిను తర్వాత నేనే వేసుకుంటాను, రాత్రి అమ్మ ఆ రోజు గది ఖాళీ అయిందో లేదో చూస్తుంది, అంతే. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోను. వరుసగా రెండు రోజులు గది నిండుగా కనిపిస్తే అమ్మ నన్ను ఏమీ అనకుండా ఆసుపత్రికి ఫోన్ చేస్తుంది. ఇది నేను ఒప్పుకుని సంతకం పెట్టిన షరతు.

ఇంట్లోవాళ్లకు నేర్పిన భాగమే అన్నిటికన్నా కష్టమైంది. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆసుపత్రి నుంచి విడుదలైన మగ రోగులు ఎక్కడ ఉంటే ఎలా ఉన్నారో చూశారట. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లు, అద్దె గదుల్లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా తిరిగి జబ్బుపడ్డారట. దాన్ని పట్టుకుని సాగిన పరిశోధనల్లో ఎడతెగని విమర్శ, ద్వేషం, ఊపిరాడనివ్వని శ్రద్ధ ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. ఇది విని నాన్న తలవంచుకున్నారు. కుటుంబం ఈ జబ్బును పుట్టించదని సోషల్ వర్కరు గారు వెంటనే ఆయనకు చెప్పారు, అయినా నాన్న కళ్లు తుడుచుకోవడం చూశాను. నా మీద అరిచిన మనిషి మీద నాకున్న కోపం ఆ రోజు సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది.

గొంతులు లేవని వాదించకూడదు, ఉన్నాయని వంత పాడకూడదు. "నాకు వినబడటం లేదు, నీకు వినబడుతోందని నమ్ముతున్నాను, ఏమంటున్నాయి?" అనాలి. నాన్న ఈ వాక్యాన్ని పాఠం అప్పజెప్పినట్లు నేర్చుకున్నారు. నా ముందస్తు గుర్తులు కూడా ఆ కాగితంలో ఉన్నాయి. వరుసగా రెండు రాత్రులు నిద్ర నాలుగు గంటలు దాటకపోవడం, టీవీ కట్టేయడం, కిటికీలో గుడ్డలు. ఇందులో ఏ రెండు కనిపించినా నెలవారీ తేదీ కోసం ఆగకుండా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నేను చెప్పలేని స్థితిలో ఉంటే నా తరఫున మాట్లాడే ప్రతినిధిగా అన్నయ్యను రాసి ఇచ్చాను. నాన్నకు ఇది కష్టంగానే ఉంది.

గొంతులు పూర్తిగా పోలేదు. అలసిన సాయంత్రాల్లో ఒకటి వస్తుంది, ఇప్పుడది నా పేరు పిలిచి ఊరుకుంటుంది. నేను కోలుకుంటే కోటప్పకొండకు నడిచి వస్తానని అమ్మ మొక్కుకుంది. "మొక్కు తీర్చుకోండి, మాత్ర మాత్రం వెంట తీసుకెళ్లండి" అన్నారు సిస్టర్ గారు. ఈ శివరాత్రికి వెళ్లాం. జనం, ప్రభల వెలుగు, నాలుగు వైపులా మైకుల మోత మధ్య ఎవరి మాట ఎక్కడిదో తెలియక నేను మెట్ల పక్కన ఆగిపోయాను. ముందు నడుస్తున్న నాన్న వెనక్కి వచ్చి, నా చేతిలోని సంచీ తీసుకుని, మెల్లగా అడిగారు, "ఏమంటున్నాయమ్మా?" కాసేపు విని చూసి, మైకులో తప్పిపోయిన పిల్లవాడి పేరు చెబుతున్నారని చెప్పాను. ఆయన కూడా చెవి ఒగ్గి విని, అవును, నాకూ వినబడుతోంది అన్నారు.