మావాడికి రెండో బారసాల: చెస్ సైట్లో పేరు

మేముండేది రాయగడలో. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మావాడికి పదేళ్లు. విశాఖపట్నం నుంచి ఒక సార్ వీడియో కాల్‌లో చెస్ నేర్పుతున్నారు. క్లాసు టోర్నమెంట్లకి లిచెస్‌లో అకౌంట్ కావాలన్నారు. ఫ్రీ సైటే, మెయిల్ ఐడీ ఒక్కటుంటే చాలు, ఐదు నిమిషాల పని. పేరు దగ్గర మాత్రం ఆగిపోయాం.

సార్ గ్రూపులో పెట్టిన మెసేజ్ ప్రకారం పిల్లల పేరు, పక్కన బ్యాచ్ పేరు రాయాలి. ఎవరు ఎవరో తెలియకపోతే ఆయన మార్కులు వేయలేరు, అది నిజమే. మావాడికి అది బొత్తిగా నచ్చలేదు. "అందరికీ స్కూల్ రిజిస్టర్‌లా ఉంటుంది నాన్నా" అన్నాడు. వాడు రాసుకొచ్చిన కాగితంలో మొదటిది వాడి సొంత పేరు, చివర OD18.

"ఇదేట్రా?" అంటే "సీక్రెట్ కోడ్" అన్నాడు. రోజూ నా స్కూటర్ వెనకాల కూర్చుని నంబర్ ప్లేట్ చూస్తాడు కదా, అక్కడిది. OD అంటే ఒడిశా, 18 అంటే రాయగడ ఆర్టీఓ. జిల్లా పేరు నుదుటి మీద రాసుకున్నట్టే. దాని కింద ఇంకొకటి: RayagadaTiger2015. దీంట్లో వాడి పేరు లేదు కాబట్టి సేఫ్ అని వాడి వాదన.

అప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టి, ఆ ఒక్క పేరుతో ఏం దొరుకుతుందో చూపించాను. చెస్ మిగతా ఆటల్లాంటిది కాదు. బయట టోర్నమెంట్ ఆడితే పిల్లవాడి అసలు పేరు chess-results.com లో ఉంటుంది, చాలాసార్లు ఊరో క్లబ్బో కూడా పక్కనే. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే దగ్గర ఐడీ తీసుకుంటే వాళ్ల పేజీలో పుట్టిన సంవత్సరం అందరికీ కనిపిస్తుంది. అవి ఎటూ దాచలేం, ఆట పద్ధతే అది. రాయగడ, టైగర్, 2015 అని ఉన్న ఐడీ తీసుకుని, మా వైపు అండర్-11 టోర్నమెంట్ ఫలితాలు తెరిస్తే మిగిలేది గుప్పెడు మంది పిల్లలు. కప్పుతో దిగిన ఫోటో ఒకటి దొరికితే స్కూల్ యూనిఫాం కూడా తెలిసిపోతుంది. అంటే పేరులో పేరు లేకపోతే సరిపోదు. బయట ఉన్న ఆ లిస్టులకి అతుక్కునే ముక్క ఏదీ ఉండకూడదు: ఊరు, సంవత్సరం, వయసు, స్కూల్ పొట్టి పేరు, బండి నంబర్, ఇంట్లో పిలిచే ముద్దుపేరు. ముద్దుపేరు ఎందుకంటే, వాళ్లమ్మ ఫేస్‌బుక్‌లో పెట్టే ప్రతి పుట్టినరోజు ఫోటో కింద అదే ఉంటుంది. కిడ్, బేబీ, లిటిల్ లాంటి మాటలూ తీసేయించాను. అవతల ఆడేది చిన్నపిల్లాడని ముందే చాటింపు వేయడం ఎందుకు?

ఇంత జాగ్రత్త ఎందుకంటే, లిచెస్‌లో పేరు ఒకసారి పెట్టాక మారదు. పెద్దక్షరం, చిన్నక్షరం మాత్రం ఒక్కసారి మార్చుకోవచ్చు, అంతే. అకౌంట్ మూసేసినా ఆ పేరు మళ్లీ తీసుకోలేం. పైగా రేటింగ్ లెక్కలోకి వచ్చే గేమ్‌లన్నీ ఆటగాళ్ల ఐడీలతో సహా నెలనెలా database.lichess.org లో అందరికీ డౌన్‌లోడ్‌కి పెడతారు. ఎవరి కంప్యూటర్‌లోకో వెళ్లిన ఫైల్‌ని మనం వెనక్కి తెచ్చుకోలేం. తర్వాత చూసుకుందాంలే అనే వీలు ఇక్కడ లేదు.

ఇక సరదా సంగతి. నా పద్ధతంతా విని వాడి మొహం వాడిపోయింది. అన్నీ తీసేస్తే మిగిలేది Player48213 లాంటిదే కదా అని. అందుకని ఒక ఆట పెట్టుకున్నాం: ఒక మాట చెస్ నుంచి, ఇంకోటి ఇంట్లో నవ్వు తెప్పించేది ఏదైనా. గుర్రం, బంటు, ఏనుగు, మంత్రి ఒకవైపు. వంటింట్లో సామాను, తిండి, జంతువులు ఇంకోవైపు. గంటలో కాగితం నిండిపోయింది. PesarattuGurram వచ్చింది. వాడు ఆ వారమే ఆంపాసాఁ నేర్చుకున్నాడు, పక్కనుంచి వెళ్లిపోయే బంటుని పట్టేసే ఎత్తు, దాంతో DongaBantu అన్నాడు. మా ఆవిడకి అది నచ్చలేదు, మా నాన్నకి తెగ నచ్చింది.

వాడి మనసు మాత్రం PakhalaPesarattu మీద పడింది. ఎండాకాలం మా పక్కింటివాళ్లు పొఖాళొ పెడతారు, అంటే ఒడియావాళ్ల చద్దన్నం, పొద్దున్న మా ఇంట్లో పెసరట్టు. పదహారు అక్షరాలు, ఇరవై లోపు కాబట్టి సైటు ఒప్పుకుంటుంది. చాలాసేపు ఆలోచించాను. పెసరట్టు తినేవాళ్లు కోట్లలో ఉంటారు, పొఖాళొ తినేవాళ్లూ అంతే. రెండూ కలిపి రాసేవాళ్లు ఎక్కడుంటారు? బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. అది ఇంటి అడ్రసు కాదు, నిజమే. ఇంకెవరైనా అయితే పెట్టేసుకునేవాళ్లేమో. కానీ మావాడి అసలు పేరు టోర్నమెంట్ లిస్టులో రాయగడతో సహా ఉంది కాబట్టి వద్దన్నాను. వాడు ఆ పూట నాతో మాట్లాడలేదు.

చివరికి కుదిరిన పేరు ఇక్కడ రాయను, రాస్తే ఈ కథంతా వాడి ఐడీకి అతుక్కుంటుంది. వాడే పెట్టుకున్నాడు, ఒక జంతువు, ఒక వంటసామాను. ఖాయం చేసే ముందు దాన్ని గూగుల్‌లో వెతికాం, ఇంకెవరి అకౌంట్ అయినా ఉందేమోనని. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒడియాలోగానీ హిందీలోగానీ బూతుగా వినిపిస్తుందేమో పక్కింటావిడతో చదివించాం. ఆవిడ నవ్వింది గానీ మంచి నవ్వే. ఆ పేరు అప్పటికే తీసుకున్నారని సైటు చెప్పి ఉంటే, చివర అంకె తగిలించకుండా రెండో మాట మార్చేవాళ్లం. పిల్లలకి తోచే అంకె ఎప్పుడూ వయసో, పుట్టిన సంవత్సరమో.

అకౌంట్ నా మెయిల్‌తో తెరిచాను. ప్రొఫైల్‌లో అసలు పేరు, ఊరు, పరిచయం ఖాళీగా వదిలేశాం, జెండా మాత్రం మనదే. సెట్టింగ్స్‌లో కిడ్ మోడ్ ఆన్ చేశాను. దాంతో చాట్, మెసేజ్‌లు అన్నీ ఆగిపోతాయి. అయితే అది మాటలనే ఆపుతుంది. పేరునీ, ఆడిన గేమ్‌లనీ దాచదు. కిడ్ మోడ్ ఉంది కదా, ఏ పేరైనా పర్లేదు అనుకుంటే అక్కడే చిక్కు.

మిగిలింది సార్ సంగతి. ఫోన్ చేసి, "లిచెస్‌లోనే టీచర్లకి క్లాస్ అని ఒకటుంది సార్, చూశారా?" అన్నాను. అందులో టీచర్ ప్రతి విద్యార్థి ఐడీ పక్కన అసలు పేరు రాసుకోవచ్చు, అది క్లాస్ బయట ఎవరికీ కనపడదు. కొత్త పిల్లలకి అకౌంట్ కూడా టీచరే తెరిచి ఇవ్వచ్చు, తోచకపోతే పేరుని సైటే పుట్టించి ఇస్తుంది. వాటికి కిడ్ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది. ఆయనకి మొదట తలనొప్పిగా అనిపించింది. "ముప్పై మందికి మళ్లీ ఎవరు చేస్తారండీ" అన్నారు. మావాణ్ని ఒక్కణ్నే చేర్చి చూడమన్నాను. తర్వాతి బ్యాచ్ మొత్తానికీ అలాగే చేశారు, గ్రూపులో పేరు, బ్యాచ్ రాయమనే మెసేజ్ తీసేశారు.

తాతగారితో మాత్రం ఇంకా కుస్తీ నడుస్తోంది. మనవడు గెలిచిన స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలని ఆయన పట్టు. అందులో ఐడీ ఉంటుంది, కింద "మా మనవడు" అని ఆయనే రాస్తారు, అది ఎన్ని గ్రూపులు తిరుగుతుందో. బోర్డు వరకు కత్తిరించి ఇస్తున్నాను. "పేరు లేకపోతే మనవాడేనని ఎలా నమ్ముతార్రా" అని రోజూ పోట్లాట.