స్లాబ్ పోసే ముందు షార్జా నుంచి ఒక వీడియో కాల్

నేను షార్జాలో పదకొండేళ్లుగా విల్లాలకు ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఇక్కడ స్లాబ్‌లో, గోడల్లో పైపులు, బాక్సులు పెట్టే దశను ఫస్ట్ ఫిక్స్ అంటారు. ప్లాస్టరింగ్ అయ్యాక వైర్లు లాగి స్విచ్చులు బిగించేది సెకండ్ ఫిక్స్. కరెంటుకు ఒక డ్రాయింగ్ ఉంటే ఇంటర్నెట్, కెమెరాలు, టీవీ, బెల్లు కోసం వేరే డ్రాయింగ్ ఉంటుంది, దాన్ని ఈఎల్‌వి అంటాం. ఆ పైపులన్నీ కన్సల్టెంట్ మనిషి వచ్చి చూసి సంతకం పెట్టాకే కాంక్రీట్ పోస్తారు.

ఆ రెండో డ్రాయింగ్ విలువ నాకు రెండో ఏడాదే తెలిసింది. ఒక విల్లాలో పెయింట్ కూడా అయిపోయాక యజమాని ఇంకో అయిదు కెమెరాలు కావాలన్నాడు. కటింగ్ మెషీన్‌తో గోడలకు గాడి కొట్టాం, కొత్తగా వేసిన మార్బుల్ మీద ప్లాస్టిక్ షీట్లు కప్పినా దుమ్ము ఆగలేదు. గాడి పూడ్చి, పుట్టీ పెట్టి, అదే డబ్బాలోని రంగు వేశాం. అయినా మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడితే గోడ మీద ఆ గీత కనబడుతూనే ఉండేది. చివరికి మొత్తం గోడలకు మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది.

పోయిన ఏడాది జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాం. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. రేపు స్లాబ్ అనగా తమ్ముడు వీడియో కాల్ చేసి సెంట్రింగ్ మీద నడుస్తూ చూపించాడు. ఫ్యాన్ బాక్సులు, లైట్ పాయింట్లు, కరెంటు పైపులు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నెట్టుకు, కెమెరాలకు మాత్రం ఒక్క పైపు లేదు. వైర్‌మన్ అన్నను అడిగితే "అవి తర్వాత వాళ్లే వచ్చి పెట్టుకుంటరు గద తమ్మీ" అన్నాడు. నిజమే, వాళ్లు వస్తారు, కిటికీ ఫ్రేముకు రంధ్రం పెట్టి బయట గోడ వెంబడి క్లిప్పులు కొట్టుకుంటూ వైరు తీసుకెళ్తారు. మా ఊళ్లో కోతులు అలా వేలాడే వైరును నెల రోజులు కూడా ఉంచవు, మా పాత ఇంటి డిష్ వైరు ఎన్నిసార్లు పీకేశాయో లెక్కే లేదు.

స్లాబ్ ఒక్క రోజు ఆపమన్నాను. మేస్త్రీకి కోపం వచ్చింది, నాయినకు టెన్షన్ పట్టుకుంది, కానీ ఆపారు. ఆ రాత్రి రూములో మంచం మీద కూర్చుని ప్లాన్ కాగితం మీద గీసి పంపాను. హాల్లో మెట్ల కింద చిన్న అల్మారా ఉంటుంది, అక్కడే రౌటర్, కెమెరాల రికార్డర్. అన్ని పైపులూ అక్కడికే రావాలి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి గొలుసులా పోకూడదు. కెమెరాలకు నాలుగు, టీవీలకు రెండు, హాల్ సీలింగ్‌లో వైఫై పెట్టడానికి ఒకటి, మేడ మీదకు రెండు, గేటు బెల్లుకు ఒకటి. మొత్తం పది దారులు, ఒక్కోటి సగటున 30 అడుగులు. పది అడుగుల పైపులు 30 సరిపోయాయి. అన్నీ 25 ఎంఎం. అందులో నెట్టుకు, కెమెరాలకు వాడే క్యాట్ సిక్స్ కేబుళ్లు నాలుగు దాకా సులువుగా పడతాయి, నాకు ఒక్కోదానిలో ఒకటే కావాలి. కెమెరాకు కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే వెళ్తుంది కాబట్టి దాని పక్కన వేరే ప్లగ్ పాయింట్ అక్కర్లేదు.

వైర్‌మన్ అన్నతో ఎక్కువసేపు మాట్లాడింది మూలల గురించి. ఆయన అలవాటుగా ప్రతి మలుపులో ఎల్బో పెడతాడు. "ఇన్నేండ్లుగా గిట్లనే చేస్తున్నం, వైరు పోతది" అన్నాడు. "అన్నా, కరెంటు వైరైతే పోతుంది. ఈ కేబుల్ లోపల నాలుగు మెలి జతలుంటాయి, ఆ మూల దగ్గర గట్టిగా లాగితే మెలి పాడై నెట్టు స్పీడ్ పడిపోతుంది, బయటికేమో కేబుల్ బాగానే కనిపిస్తుంది" అని చెప్పాను. పోయిన సెలవులో ఇక్కడి నుంచి తీసుకెళ్లిన స్ప్రింగ్ ఇంట్లో ఉంది. దాన్ని పైపులోకి దూర్చి, మోకాలికి ఆనించి మెల్లగా వంచితే పైపు నలగకుండా గుండ్రంగా తిరుగుతుంది. కాకపోతే పల్చటి పైపు దీనికి పనికిరాదు, పైపు మీద గట్టి రకమని చెప్పే ఎంఎంఎస్ గానీ హెచ్‌ఎంఎస్ గానీ ఉందో లేదో చూసి కొనాలి. ఒక దారిలో ఇలాంటి నిండు మలుపులు రెండుకు మించకూడదు, మించితే మధ్యలో బాక్స్ పెట్టాలి. వైర్‌మన్ అన్న మొదటి పైపు వంచి ఫోన్ కెమెరా ముందు పట్టుకుని "గిట్లనేనా?" అని అడిగాడు. సరిగ్గా అలాగే వచ్చింది.

కరెంటు పైపులకు ఒక అడుగు ఎడంగా, దాటాల్సిన చోట అడ్డంగా నేరుగా దాటించమన్నాను. రెండు రకాల వైర్లూ ఒకే పైపులో మాత్రం ఎప్పుడూ వేయవద్దు. ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే 230 వోల్టులు నేరుగా కెమెరాకో, బెల్లు నొక్కే చేతికో వస్తాయి. స్లాబ్‌లో పైపులన్నీ అల్మారా వైపు వచ్చే చోట ఒకదానికొకటి ఆనకుండా రెండు మూడు అంగుళాలు వదలాలి, లేకపోతే మధ్యలోకి కాంక్రీట్ దిగక స్లాబ్ అక్కడ బలహీనపడుతుంది. మేడ మీద తేలే పైపుల మూతిని గొడుగు పిడిలా కిందికి వంచాలి. అలా వంచకపోతే వాన నీళ్లు పైపు వెంట నేరుగా అల్మారాలోకి దిగుతాయి.

టీవీ దగ్గర స్లాబ్ పైపు ఒక్కటే సరిపోదు. గోడకు తగిలించే టీవీ వెనక నుంచి కింద బల్ల దాకా, గోడలోనే రెండు అంగుళాల పైపు వేయించాను. హెచ్‌డీఎంఐ కేబుల్ తల దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎంఎం పైపులో మలుపు దగ్గర అది ఇరుక్కుంటుంది. బెల్లు పైపు గేటు దిమ్మె నుంచి భూమిలో అడుగున్నర లోతున వచ్చింది. ముందు టైల్స్ వేశాక ఆ దారి మళ్లీ తవ్వలేం కాబట్టి గేటు దిమ్మె కట్టే రోజే దాన్ని వేయించాను.

సెంట్రింగ్ విప్పాక ప్రతి పైపులో స్టీలు పట్టీ దూర్చి చూడమన్నాను, ప్లాస్టరింగ్ మొదలుకాకముందే. తొమ్మిదింటిలో పట్టీ ఆ కొస దాకా పోయింది. వెనక పెరటి కెమెరా పైపులో మధ్యలోనే ఆగింది. కాంక్రీట్ పోసేటప్పుడు ఎక్కడో జాయింట్ ఊడి సిమెంటు పాలు దిగి గడ్డకట్టినట్టుంది. తమ్ముడు ఎక్కడని గోడ పగలగొట్టాలి అన్నాడు. "ఏదీ పగలగొట్టకు, అల్మారా వైపు నుంచి పట్టీ ఎంత పోయిందో టేపుతో కొలువు" అన్నాను. 17 అడుగులు. కెమెరా వైపు నుంచి 10 అడుగులు. ఆ పైపు మొత్తం పొడవు 28. స్లాబ్ ముందు తీయించిన ఫోటోల్లో పైపు దారి కనబడుతుంది, కొన్నింట్లో టేపు కూడా పక్కనే పరిచి ఉంది. ఆ లెక్కతో వెనక గదిలో స్లాబ్ అడుగున సుద్దతో గుర్తు పెట్టించి, కమ్మీకి తగలకుండా చిన్న ఉలితో జానెడు మేర మాత్రమే తెరిపించాను. సిమెంటు ముద్ద అక్కడే ఉంది. ఆ ముక్క కోసేసి, ఊడిన జాయింట్ దగ్గర కొత్త ముక్క సొల్యూషన్‌తో అతికించి, పట్టీ మళ్లీ దూర్చారు. తమ్ముడు అవతలి కొస దగ్గర నిలబడి ఫోన్ పట్టుకున్నాడు. పట్టీ కొస బయటికి వచ్చాక దానికి నైలాన్ తాడు కట్టి వెనక్కి లాగి పైపులోనే వదిలేశారు. ఆ సాయంత్రమే ఆ గదిలో ప్లాస్టరింగ్ మొదలుపెట్టారు.