టీజర్లు బాగానే పేలాయి, పేమెంట్ గేట్‌వే దగ్గర ఆగిపోయాం: నా లాంచ్ అనుభవం

మడతపెట్టే ల్యాప్‌టాప్ స్టాండ్ ఒకటి తయారు చేయించి, నిన్ననే అందరికీ అమ్మకానికి పెట్టాను. రెండు వారాల ప్లాన్ వేసుకున్నాను. మొదటి వారం టీజర్ పోస్టులు, ఎనిమిదో రోజు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు మాత్రమే 48 గంటల ముందస్తు ఆఫర్, పద్నాలుగో రోజు అందరికీ. ఇందులో తొమ్మిదో రోజు పొద్దున నుంచి జరిగింది రాస్తే తప్ప నాకు కోపం తగ్గేలా లేదు.

టీజర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. నల్లటి పోస్టర్ మీద "త్వరలో... ఊహించండి" అని వేయడం దండగ. పేరున్న కంపెనీ వేస్తే జనం ఊహిస్తారు, మనం వేస్తే పైకి తోసేసి పోతారు. నేను మొదటి పోస్టుల్లో వస్తువు ఊసే ఎత్తలేదు. పుస్తకాల దొంతర మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, మెడ నొక్కుకుంటూ పనిచేస్తున్న మనిషిని చూపించాను. ఆ తర్వాతి వీడియోలో స్టాండ్ కీలు ఒక్కటే, బాగా దగ్గరగా. వేలితో లేపితే "టక్"మని ఒక మెట్టు దగ్గర ఆగుతుంది, ఇంకాస్త లేపితే ఇంకో "టక్". మాటలు లేవు, మ్యూజిక్ లేదు. మొత్తం వారంలో వెయిటింగ్ లిస్టుకి ఎక్కువ మందిని తెచ్చింది ఆ చప్పుడే. ఆ ఐడియా నాదేనని ఇక్కడ చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

లిస్టులో చేరే ఫారంలో మెయిల్, ఫోన్ నంబరుతో పాటు ఒక్క ప్రశ్న అడిగాను: మీ ల్యాప్‌టాప్ ఎన్ని అంగుళాలు? మా స్టాండ్ 16 అంగుళాల దాకానే సరిపోతుంది. 17 అని రాసినవాళ్లకు ముందే "ఇది మీకు సరిపోదండీ" అని జవాబిచ్చాం. రిటర్నుల బెడద అక్కడే చాలా తగ్గింది.

ఆఫర్ ఎంత ఇవ్వాలన్న దగ్గర కాస్త లెక్క అవసరం. 20 శాతం తగ్గిస్తే మనకు 20 శాతమే పోతుందని చాలామంది అనుకుంటారు. వంద రూపాయల అమ్మకంలో అరవై ఖర్చనుకోండి, మిగిలేది నలభై. ఇరవై తగ్గిస్తే మిగిలేది ఇరవై, అంటే లాభంలో సగం పోయినట్టే. అందుకని 300 స్టాండ్లలో 60కి మాత్రమే ఆ ధర పెట్టాను. కూపన్‌కి మొత్తం వాడకాల పరిమితి, ఒక్కొక్కరికి ఒక్కసారే అన్న పరిమితి రెండూ పెట్టాను. రెండోది పెట్టకపోతే ఎవరో ఒకరే పది కొని తిరిగి అమ్ముకుంటారు.

ఎనిమిదో రోజు పొద్దున పదింటికి లిస్టులో ఉన్నవాళ్లకు మెయిల్ వెళ్లింది. సాయంత్రానికి సగం పైగా అమ్ముడుపోయాయి. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పొద్దున లేచేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు. "పే చేస్తుంటే ఎర్రర్ వస్తోంది." "డబ్బు కట్ అయింది, ఆర్డర్ కనబడట్లేదు." కొన్నవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మాకు జమచేసే గేట్‌వే కంపెనీ నుంచి మెయిల్: మీ ఖాతా సమీక్షలో ఉంది, కొత్త చెల్లింపులు తాత్కాలికంగా నిలిపేశాం, వచ్చిన సొమ్ము జమ కాదు. కారణం ఒక్క ముక్క లేదు.

కారణం తర్వాత నేనే తవ్వుకుని తెలుసుకున్నాను. నెలల తరబడి అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చే ఖాతాలో ఒక్కరోజులో ఇన్ని చెల్లింపులు పడితే వాళ్ల సిస్టమ్‌కి అనుమానం వస్తుంది. పైగా మా పేజీలో "పద్నాలుగో రోజు నుంచి పంపుతాం" అని ఉంది. డబ్బు ముందు, వస్తువు తర్వాత అంటే వాళ్ల దృష్టిలో పెద్ద రిస్క్. అమ్మినవాడు చేతులెత్తేస్తే కొన్నవాళ్లు బ్యాంకుల ద్వారా డబ్బు వెనక్కి అడుగుతారు, ఆ భారం గేట్‌వే మీద పడుతుంది. సరే, అర్థం చేసుకోదగ్గ భయమే. ఈ ముక్క ఖాతా తెరిచేటప్పుడు చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"సార్, డెలివరీ ప్రూఫ్ అప్‌లోడ్ చేయండి."

"ఇంకా డెలివరీ చేయలేదండీ. ప్రీ ఆర్డర్లు ఇవి, వచ్చే వారం పంపుతాం."

"డెలివరీ ప్రూఫ్ లేకపోతే రివ్యూ ముందుకు వెళ్లదు సార్."

"డబ్బు ఆపేస్తే కొరియర్ వాళ్లకు ఏం కట్టి పంపాలండీ?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను. "అసలు ఆ ప్రొడక్ట్ మీ దగ్గర ఉందా సార్?"

నా వెనకాల గోడ పొడుగునా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. దొంగని అడిగినట్టు అడిగింది. ఆవిడ తప్పేం లేదు, స్క్రీన్ మీద ఉన్నదే చదువుతోంది. అలాంటి ప్రశ్న రాసిచ్చి, దానికి సమాధానం వినే అధికారం మాత్రం ఆవిడకివ్వని పెద్దలున్నారే, వాళ్ల మీదే నా కోపం.

అటు ఆఫర్ పేజీలో గడియారం తిరుగుతూనే ఉంది. కొనడానికి దారి లేనప్పుడు "ఇంకా 19 గంటలే" అని చూపించడం కన్నా మోసం ఉండదు. ముందు దాన్ని తీసేశాను. లిస్టులో అందరికీ ఒక మెయిల్ పెట్టాను: చెల్లింపులు ఆగాయి, మళ్లీ మొదలైన క్షణం నుంచి మిగిలిన గంటలు లెక్కిస్తాం, ఎర్రర్ వచ్చినవాళ్లు ఈ మెయిల్‌కి జవాబిస్తే ఆ ధరకే ఒకటి పక్కన పెడతాం. డబ్బు కట్ అయి ఆర్డర్ రానివాళ్ల లావాదేవీ నంబర్లు విడిగా రాసుకున్నాను. తర్వాత గేట్‌వే డాష్‌బోర్డులో ఒక్కొక్కటే వెతికి, డబ్బు అందినవాటికి చేత్తో ఆర్డర్ ఎక్కించాను, ఫెయిల్ అని చూపినవాటికి "మీ బ్యాంకుకే తిరిగి వస్తుంది" అని రాశాను.

చివరికి దారి దొరికింది ప్లాన్ మార్చడంలోనే. అందరికీ ఒకేరోజు పంపాలన్న పట్టుదల వదిలి, మొదటి ఇరవై ఆర్డర్లు చేతి డబ్బుతో ఆరోజే కొరియర్‌లో వేశాం. ఆ ట్రాకింగ్ నంబర్లు, తయారీదారు ఇచ్చిన బిల్లు, పెట్టెల మీద ఆరోజు తేదీ కాగితం పెట్టి తీసిన ఫొటో, మా పేజీలో రిఫండ్ నిబంధనల లింకు, అన్నీ ఒకే మెయిల్లో పంపాను. ఫోన్లకు కదలని ఫైలు దీనికి కదిలింది. చెల్లింపులు తెరిచారు. ప్రతి అమ్మకంలో పది శాతం మాత్రం మూడు నెలలు ఆపుకుంటామన్నారు. దీన్ని రోలింగ్ రిజర్వ్ అంటారట.

మీరు ఇలాంటి ఆఫర్ పెడుతుంటే టీజర్ వేయకముందే గేట్‌వేకి మెయిల్ పెట్టండి: ఫలానా తేదీన ఇన్ని ఆర్డర్లు రావచ్చు, సరుకు మా దగ్గర ఉంది, ఫలానా రోజు పంపుతాం అని బిల్లు జతచేసి. జవాబు రాకపోయినా పెట్టండి. రేపు చూపించడానికి కాగితం ఉంటుంది. ఇంకో కంపెనీలో రెండో ఖాతా కూడా పరిశీలన అంతా పూర్తిచేయించి సిద్ధంగా ఉంచుకోండి. గొడవ మొదలయ్యాక దరఖాస్తు పెడితే వాళ్ల పరిశీలనకే రోజులు పడుతుంది. కొరియర్ ఖర్చు అమ్మకాల డబ్బు మీద ఆధారపడకుండా విడిగా ఉండాలి.

ముందు పంపిన ఆ ఇరవైలో కొన్ని పన్నెండో రోజుకే చేరాయి. తెరిచినవాళ్లు ఫొటోలు పెట్టారు, ఒకాయన "టక్" చప్పుడు మళ్లీ రికార్డు చేసి పంపాడు. చివరి రెండు రోజులకు డిజైనర్ చేసిన పోస్టర్లు పక్కన పడేసి, వాళ్లను అడిగి అవే వేశాను. నిన్నటి అమ్మకాలు అనుకున్నదానికి కాస్త పైనే ఉన్నాయి, రెండో ఖాతా కూడా మొన్ననే తెరుచుకుంది. ఆపుకున్న పది శాతం చేతికొచ్చేదాకా రెండో విడత సరుక్కి ఆర్డర్ పెట్టను.