నాలుగు పాయింట్ల డీఎఫ్‌టీలో తోక ఎక్కడికి పోయింది?

ఎంటెక్ చదివేటప్పుడు బీటెక్ మూడో ఏడాది వాళ్ల డీఎస్పీ ల్యాబ్‌లో సాయంగా ఉండేదాన్ని. కన్వల్యూషన్ ప్రయోగం రోజు ఒక జూనియర్ రికార్డు పట్టుకుని వచ్చింది. "అక్కా, చేత్తో చేస్తే ఒక జవాబు, డీఎఫ్‌టీతో చేస్తే ఇంకో జవాబు వస్తోంది. కానీ శాంపిళ్లన్నీ కూడితే రెండింట్లోనూ 30 వస్తోంది. మరి ఏది తప్పు?" అంది.

సిగ్నల్ x పొడవు L, ఫిల్టర్ h పొడవు M అయితే కనీసం L + M − 1 పాయింట్ల డీఎఫ్‌టీ తీసుకోవాలన్న సూత్రం ఇద్దరికీ తెలుసు. కానీ మొత్తం ఎందుకు సరిపోయిందో ఆ సూత్రం చెప్పదు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద మొదలుపెట్టాం.

ఆ పిల్ల తీసుకున్నవి x = [1, 2, 3, 4], h = [1, 1, 1]. h లో అన్నీ ఒకట్లే కాబట్టి లీనియర్ కన్వల్యూషన్ అంటే x ను మూడుసార్లు, ఒక్కో గడి జరుపుతూ రాసి నిలువుగా కూడడమే.

```
1 2 3 4
  1 2 3 4
    1 2 3 4
-----------
1 3 6 9 7 4
```

నాలుగు శాంపిళ్లు లోపలికి వెళ్తే ఆరు బయటికి వచ్చాయి. ఇన్‌పుట్ అయిపోయాక కూడా ఫిల్టర్‌లో మిగిలిన 7, 4 చివర వస్తాయి. మేం వాటిని తోక అనుకున్నాం. తోక పొడవు ఎప్పుడూ M − 1. ఇక్కడ 2.

ఇప్పుడు డీఎఫ్‌టీ దారి. x పొడవు 4 కాబట్టి జూనియర్ h చివర ఒక సున్నా కలిపి [1, 1, 1, 0] చేసి, రెండింటికీ 4 పాయింట్ల డీఎఫ్‌టీ తీసింది. అవి ఇలా వచ్చాయి:

```
X = [10, -2+2j, -2, -2-2j]
H = [ 3,   -j,   1,    j ]
Y = [30,  2+2j, -2,  2-2j]
```

Y కి ఇన్వర్స్ తీస్తే [8, 7, 6, 9]. లెక్క రెండోసారి సరిచూశాం, ఎక్కడా తేడా లేదు. ఇది x, h ల 4 పాయింట్ల సర్క్యులర్ కన్వల్యూషన్. డీఎఫ్‌టీలను గుణిస్తే వచ్చేది ఇదే.

రెండు జవాబులనూ ఒకదాని కింద ఒకటి రాశాక విషయం బయటపడింది. 6, 9 రెండింట్లోనూ ఉన్నాయి. మొదటి రెండే మారాయి. 1 ఉండాల్సిన చోట 8 ఉంది, 3 ఉండాల్సిన చోట 7 ఉంది. 8 అంటే 1 + 7. 7 అంటే 3 + 4. తోక ఎక్కడికీ పోలేదు, వెనక్కి తిరిగి వచ్చి మొదటి రెండు శాంపిళ్ల మీద కూర్చుంది. పారేసింది ఏమీ లేదు కాబట్టే మొత్తం 30 అలాగే ఉంది. Y[0] = 10 × 3 = 30 అన్నదీ ఇదే సంగతి: ఏ పొడవు డీఎఫ్‌టీ తీసినా k = 0 దగ్గర ఉండేది శాంపిళ్ల మొత్తమే. అందుకే కూడిక సరిచూడడం ఈ తేడాను ఎప్పటికీ పట్టుకోలేదు.

"అసలు వెనక్కి ఎందుకొస్తుంది?" అన్నది తర్వాతి ప్రశ్న. 4 పాయింట్ల డీఎఫ్‌టీలో k = 1 తీసుకుంటే, శాంపిల్ ఒక స్థానం జరిగినప్పుడల్లా గుణకం 90 డిగ్రీలు తిరుగుతుంది. n = 4 కి చేరేసరికి ఒక చుట్టు పూర్తయి n = 0 కి ఉన్న గుణకమే మళ్లీ వస్తుంది. k = 2 కి రెండు చుట్లు, k = 3 కి మూడు చుట్లు. ఏ k దగ్గరైనా n = 4 శాంపిల్‌కీ n = 0 శాంపిల్‌కీ తేడా కనిపించదు. పన్నెండు గంటల గడియారం పదమూడో గంటను ఒంటిగంటగా చూపించినట్టే, N పాయింట్ల డీఎఫ్‌టీ స్థానం n ను N తో భాగించగా మిగిలే శేషంగానే చూస్తుంది. ఆరు శాంపిళ్ల జవాబుకు నాలుగే గడులిస్తే నాలుగో స్థానంలోది సున్నాలోకి, ఐదో స్థానంలోది ఒకటిలోకి వెళ్తుంది.

ఇది అర్థమయ్యాక N పెంచితే ఏమవుతుందో డీఎఫ్‌టీ చేయకుండానే చెప్పొచ్చు. N = 5 అయితే ఐదు గడులు, ఆరు శాంపిళ్లు. చివరి 4 ఒక్కటే తిరిగొచ్చి మొదటి 1 తో కలుస్తుంది: [5, 3, 6, 9, 7]. N = 6 అయితే తిరిగి రావడానికి ఏమీ మిగలదు. N = 8 అయితే చివర రెండు సున్నాలు అదనం, అంతే. అప్పుడు కంప్యూటర్ తెరిచాం.

```python
import numpy as np
x, h = [1, 2, 3, 4], [1, 1, 1]
for N in (4, 5, 6, 8):
    Y = np.fft.fft(x, N) * np.fft.fft(h, N)
    print(N, np.round(np.fft.ifft(Y).real, 6))
```

అంచనా వేసినవే వచ్చాయి. కాబట్టి x కి M − 1 సున్నాలు, h కి L − 1 సున్నాలు: ఇక్కడ రెండు, మూడు. రెండూ ఆరు అవుతాయి. ఈ సున్నాలు డీఎఫ్‌టీకి ముందే కలపాలి. ఇన్వర్స్ తీసిన [8, 7, 6, 9] చివర ఎన్ని సున్నాలు చేర్చినా 8 లోంచి 7 ను విడదీయలేం. ఎఫ్‌ఎఫ్‌టీ వేగం కోసం 6 బదులు 8 తీసుకోవడం మామూలే, జవాబుకు నష్టం లేదు.

నాకు ఇందులో ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటి. N పొడవైన సీక్వెన్సు కంటే తక్కువ కాకుండా, L + M − 1 కంటే చిన్నదైతే, పాడయ్యేవి మొదటి L + M − 1 − N శాంపిళ్లే. N = 4 కి రెండు, N = 5 కి ఒకటి. మిగతావి పూర్తిగా సరైనవి. పొడవాటి సిగ్నల్‌ను ముక్కలుగా ఫిల్టర్ చేసే ఓవర్‌ల్యాప్ సేవ్ పద్ధతి నిలబడేది దీని మీదే. సున్నాలు నింపి తోకను ఆపే బదులు, ప్రతి ముక్కలో మొదటి M − 1 శాంపిళ్లను వదిలేసి మిగతావి తీసుకుంటారు. వదిలేసినవి పోకుండా ముక్కల్ని M − 1 శాంపిళ్ల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీసుకుంటారు.

పెద్ద సిగ్నల్‌లో ఈ చుట్టు తిరగడం కంటికి కనపడదు. దానికి నేను వాడే పరీక్ష, చివర ఒకే ఒక్క ఇంపల్స్ పెట్టడం. x = [0, 0, 0, 1] ఇచ్చి N = 4 తో చేస్తే [1, 1, 0, 1] వస్తుంది. ఇన్‌పుట్ ఇంకా మొదలవకముందే అవుట్‌పుట్ వచ్చేసింది! ముందుకే పనిచేసే ఫిల్టర్‌లో ఇది జరగకూడదు. N = 6 పెడితే [0, 0, 0, 1, 1, 1], ఉండాల్సినట్టే.

వెళ్లబోతూ జూనియర్ N = 3 కూడా వేసి చూసింది. మా మడత లెక్క ప్రకారం 1 + 9, 3 + 7, 6 + 4, అంటే [10, 10, 10] రావాలి. వచ్చింది [6, 6, 6]. కారణం వేరు: `np.fft.fft(x, 3)` అంటే x ను మడవదు, మొదటి మూడు శాంపిళ్లు తీసుకుని 4 ను కత్తిరించేస్తుంది. ఇక్కడ మాత్రం కూడిక పనికొచ్చింది. మొత్తం 30 కాకుండా 18 వచ్చింది కాబట్టి, చుట్టు తిరగడం కాదు, శాంపిల్ పోయిందని ఆ పిల్లే చెప్పింది.