ఆ పెళ్లిలో వయొలిన్ వాయిస్తూ నేను చూసింది

పెళ్లికూతురు ముందే చెప్పింది, "మా నాన్నకీ బాబాయికీ మాటల్లేవండీ, ఇంటి వాటా దగ్గర చెడింది, మైకులో ఇద్దరి పేర్లూ కలిపి పిలవకండి" అని. దాంతో పొద్దుట్నుంచీ నా కళ్లు వాళ్లిద్దరి మీదే ఉన్నాయి. వేదిక మీద నుంచి హాలంతా కనిపిస్తుంది, వాయించేవాళ్ల వైపు మాత్రం ఎవరూ పెద్దగా చూడరు.

అన్నగారు మొదటి వరసలో, తమ్ముడు చివర తలుపు దగ్గర కూర్చున్నారు. లైట్ల వేడికి తీగలు దిగిపోతుంటే రెండు పాటల మధ్య శ్రుతి సరిచేసుకుంటున్నాను, అప్పుడే తమ్ముడు ముందుకొచ్చి పెళ్లికూతురితో "మీ నాన్న మాత్ర వేసుకున్నాడేమో అడుగమ్మా" అన్నాడు. రెండడుగుల దూరంలోనే ఉన్న అన్న "వేసుకున్నానని చెప్పు" అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కానీ, ఆ మాట వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

ఆ తర్వాత తమ్ముడు వెనక్కి వెళ్లలేదు, రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. వాళ్ల పక్కనే స్పీకర్ ఉంది. హాల్లో సంగీతం హోరెత్తితే జనం దాన్ని మించి గొంతు పెంచుతారు, మాటల్లేని ఇద్దరు అలా అరుచుకుంటూ మొదలుపెట్టలేరు కదా! అందుకే ఆ స్పీకర్ బాగా తగ్గించమని సౌండ్ అబ్బాయికి సైగ చేశాను, వేగం పాట ఆపి నెమ్మదిగా ఆలాపన ఎత్తుకున్నాను. పూర్తిగా ఆపేస్తే ఇంకా కష్టం, ఆ నిశ్శబ్దంలో వాళ్ల ప్రతి మాటా చుట్టాలందరికీ వినిపిస్తుంది. మృదంగం ఆయన నా మొహం చూసి విషయం గ్రహించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఫోటోకి రమ్మని పిలుపొచ్చింది. అన్నగారు లేచి చొక్కా చేతి బొత్తాం పెట్టుకోబోతే వేళ్లు వణికి జారిపోతోంది, మళ్లీ పెడుతున్నాడు, మళ్లీ జారుతోంది. తమ్ముడు కాసేపు చూసి, లేచి వచ్చి, ఏమీ అడక్కుండా ఆ చెయ్యి పట్టుకుని బొత్తాం పెట్టేశాడు. "ఎప్పట్నుంచిరా అన్నయ్యా ఈ వణుకు?" అన్నాడు. "రెండేళ్లవుతోంది" అన్నాడాయన. తమ్ముడు ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. ఆలాపన ముగించాల్సిన చోట ముగించకుండా ఇంకో చుట్టు తిప్పాను, నాకే గొంతు పట్టేసింది.

ఫోటోలో మాత్రం దూరందూరంగానే నిలబడ్డారు. ఇంటి వాటా మాట ఎత్తినట్టు లేరు, అది ఒక్కరోజులో తేలేదీ కాదు. కానీ సాయంత్రం వయొలిన్ పెట్టెలో సర్దుతుంటే ఇద్దరూ నా దగ్గరికి వచ్చి, డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని గొడవ మొదలుపెట్టారు. "పెద్దవాణ్ణి, నేనుండగా నువ్విచ్చేదేంట్రా" అని అన్న, "నా కూతురి పెళ్లి కూడానే ఇది" అని తమ్ముడు. చెరిసగం తీసుకున్నాను.