గంట మాస్టారి ఆఖరి నిమిషం

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఒక పేజీ రాసిమ్మని కమిటీ మూడుసార్లు అడిగింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం పదో తరగతి వక్తృత్వపు పోటీల దగ్గరే, మన ఉపన్యాసాల ముగింపులను ఎర్ర సిరాతో దిద్దిన గంట మాస్టారి దగ్గరే ఆగిపోతాను. ఇవాళ మనలో సగంమంది వారానికోసారైనా మైకు ముందు నిలబడే ఉద్యోగాల్లో ఉన్నాం. ఆ ఎర్ర సిరా పని ఎక్కడికీ పోలేదు.

రక్తదానం మీద మన వెనక బెంచీ మహావక్త రాసుకొచ్చిన ముగింపు గుర్తుందిగా: "కాబట్టి మనమందరం రక్తదాన ప్రాముఖ్యాన్ని గుర్తించి, వీలైనప్పుడల్లా రక్తదానం చేయాలని కోరుకుంటూ, ఈ అవకాశమిచ్చిన పెద్దలకు ధన్యవాదాలు తెలుపుకుంటూ సెలవు తీసుకుంటున్నాను." మాస్టారు అందులో మూడు చోట్ల సున్నా చుట్టారు. "మనమందరం" అంటే ఎవరూ కాదు. "వీలైనప్పుడల్లా" అంటే ఎప్పుడూ కాదు. మూడో సున్నా "కోరుకుంటూ" మీద. మన భాషలో క్రియ చివర వస్తుంది, కాబట్టి వాక్యం ఏ మాట మీద ఆగితే చెవిలో అదే మిగులుతుంది. ఇక్కడ మిగిలింది రక్తం కాదు, సెలవు. "అని మనవి చేస్తున్నాను", "అని తెలియజేసుకుంటున్నాను" లాంటి తోకలన్నిటిదీ ఇదే జబ్బు. తోక కోసేస్తే వాక్యం దానంతటదే నిలబడుతుంది.

సరిచేశాక ఇలా వచ్చింది: "తలుపు పక్క బల్ల మీద కాగితం ఉంది. శనివారం పొద్దున 10 గంటలకు రాగలిగినవాళ్లు, వెళ్తూ వెళ్తూ పేరు, ఫోన్ నంబరు రాయండి. ప్లేట్‌లెట్ల ఆయుష్షు 5 రోజులు. పోయిన శనివారం ఇచ్చినవి ఈ శనివారానికి లేవు."

అడిగింది ఒక్క పని. అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేయాలో అందులోనే ఉంది. మొదటి అడుగు గది దాటకముందే పడిపోతుంది. రక్తం ఇవ్వండి, పదిమందికి చెప్పండి, చందా కూడా వేయండి అని మూడు అడిగితే, వినేవాడు అన్నిటికంటే తేలికైనది ఎంచుకుంటాడు. ఆ తేలికైనది సాధారణంగా చప్పట్లు కొట్టడం.

ఆఖరి వాక్యానికి బలం దానికదే రాలేదు. ఆ 5 రోజుల సంగతి ఉపన్యాసం మొదట్లోనే మామూలు సమాచారంలా ఒకసారి చెప్పించారు. చివర్లో అదే తిరిగొచ్చేసరికి వినేవాళ్లకు పాత పరిచయం. కొత్త సంగతి చివర్లో పెడితే దాన్ని అర్థం చేసుకోవడానికే సమయం పోతుంది. వాక్యం ఒక్క ఊపిరిలో రావాలి, ప్రాస కోసం వంకర పోకూడదు. మాస్టారి పరీక్ష ఏమిటంటే, గంట తర్వాత ఎవరినైనా పిలిచి ఆ వాక్యం చెప్పమనడం. వాడు ఏదైనా మాట మార్చి చెబితే తప్పు వాడిది కాదు. వాడు మార్చిన మాటే ఉంచుకోవాలి.

ముందు పని అడగాలా, ముందు ఆ వాక్యం చెప్పాలా అన్న తగాదా మనకు పరీక్షలదాకా సాగింది. తర్వాత చేసే పనైతే ముందు అడిగి వాక్యంతో ముగించాలని నా అభిప్రాయం. వాక్యానికి చప్పట్లు వస్తాయి, ఆ మోతలో అడిగింది వినపడదు. చేతిలో ఉన్న కాగితం అక్కడికక్కడే నింపించాలంటే మాత్రం ముందు వాక్యం, తర్వాత పని. గాంధీ 1942 ఆగస్టు 8 ప్రసంగం ఇందుకు మంచి పాఠం. "చేయండి లేదా చావండి" అన్న చిన్న మంత్రం ఇచ్చి ఆయన ఆగిపోలేదు. పత్రికలవాళ్లు, సంస్థానాధీశులు, ప్రభుత్వోద్యోగులు, సైనికులు, విద్యార్థులు ఎవరేం చేయాలో విడివిడిగా చెప్పారు. ఉద్యోగులను వెంటనే రాజీనామా చేయమనలేదు, తాము కాంగ్రెస్‌తో ఉన్నామని ప్రభుత్వానికి రాసిమ్మన్నారు.

పాడయ్యే చోట్లు కొన్నే. "చివరిగా ఒక్క మాట" అని రెండుసార్లు అంటే రెండోది ఎవరూ వినరు. ధన్యవాదాలు మొదట్లోనే చెప్పేయాలి. ప్రశ్నలు ఉంటే ఆఖరి వాక్యాన్ని దాచుకుని, ప్రశ్నలయ్యాక చెప్పాలి, లేకపోతే సభ ఎవరిదో అడ్డదిడ్డమైన ప్రశ్నతో ముగుస్తుంది. సమయం అయిపోతోందని అధ్యక్షుడి చీటీ వచ్చిందంటే మధ్యలో ఒక ఉదాహరణ వదిలెయ్యాలి తప్ప చివరను తాకకూడదు. అందుకే ఆ చివరి అర నిమిషం ముందుగా రాసి, చూడకుండా వచ్చేదాకా వల్లించమనేవారు. దానికి ముందు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత మౌనం, అయ్యాక నోరు మూసుకుని అక్కడే నిలబడటం. మనలో చాలామంది తప్పింది ఈ నిలబడటంలోనే. సగం వాక్యం మైకుకు, సగం మెట్లకు.

ఒక్క సంతాప సభలో మాత్రం ఎవరినీ ఏ పనీ అడగనిచ్చేవారు కాదు. అక్కడ చనిపోయిన మనిషి అన్న మాట ఒకటి చెప్పి దిగిపొమ్మనేవారు.